పెట్టె వాళ్ల దగ్గర, తాళంచెవి మన దగ్గర: పాస్‌వర్డ్ మేనేజర్ మన ఖజానాను ఎందుకు చదవలేదు?

2022 జులైలో గోదావరికి వచ్చిన వరదలో ధవళేశ్వరానికి దిగువన చాలా లంకలు మునిగాయి. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బాబాయి ఇల్లు ఏటిగట్టుకు లోపలి వైపు ఉంటుంది. నీళ్లు తగ్గాక వెళ్లి చూస్తే బీరువా కింది అరలో ఆయన దాచుకున్న నోటుపుస్తకం ఉబ్బిపోయి ఉంది. జీఎస్టీ పోర్టల్, రెండు బ్యాంకులు, ఆదాయపు పన్ను, బీమా, కరెంటు బిల్లు, ఇలా అన్నిటి పాస్‌వర్డులూ ఆ పుస్తకంలోనే ఉండేవి. సిరా కరిగి పేజీలన్నీ నీలంగా మారాయి. ఒక్కొక్క ఖాతా తిరిగి తెరిపించుకోవడానికి ఆయనకు నెలన్నర పట్టింది.

ఆ తర్వాత ఆయన ఫోనులో పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టడానికి కూర్చున్నాను. పాస్‌వర్డులన్నిటినీ ఒకచోట దాచి, ఒకే ఒక్క ప్రధాన పాస్‌వర్డుతో తెరిచే యాప్ అది. బాబాయి రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిది: "పుస్తకం నా బీరువాలో ఉండేది. ఇప్పుడు ముక్కూమొహం తెలియని కంపెనీ దగ్గర పెట్టమంటున్నావు. వాళ్ల దగ్గరున్నది వాళ్లే చదవలేరంటే ఎలా నమ్మేది?" రెండోది ఇంకా పదునైనది: "నా పాస్‌వర్డ్ సరైనదో కాదో చూశాకే కదా వాళ్లు లోపలికి రానిస్తారు? సరిచూశారంటే వాళ్లకు తెలిసినట్టే కదా?"

ఈ రెండో ప్రశ్నలోనే అసలు ముడి ఉంది. అది విప్పితే మొదటిదానికీ జవాబు దొరుకుతుంది.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మామూలు ఇంటర్నెట్ సేవలు కూడా మన సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చే దాస్తాయి. కానీ తాళం వేసేది వాళ్లు, తాళంచెవి ఉండేదీ వాళ్ల దగ్గరే. కావాలనుకుంటే తీసి చూడగలరు. జీరో నాలెడ్జ్ పద్ధతిలో తాళం పడేది మన ఫోనులోనే. తాళం వేసిన పెట్టె మాత్రమే ఇల్లు దాటి వెళుతుంది. అక్కడికి చేరేది మూసిన పెట్టె, తిరిగి వచ్చేదీ మూసిన పెట్టే. ఇక్కడివరకు అర్థం కావడం తేలికే. చిక్కల్లా ఒక్కటే: పెట్టె ఇమ్మని అడుగుతున్నది నిజంగా బాబాయేనని సర్వరుకు ఎలా తెలుస్తుంది? దానికీ పాస్‌వర్డే ఆధారం. పెట్టె తెరిచేదీ పాస్‌వర్డే. ఒకే పాస్‌వర్డు రెండు పనులు చేస్తూ, ఒక పని చూసినవాడికి రెండో పని చేతకాకుండా ఉండాలి.

బాబాయికి ఇది కొబ్బరితోనే చెప్పాను. కాయను గానుగాడి నూనె తీస్తాం. ఆ నూనె నుంచి కాయను తిరిగి తయారు చేయడం ఎవరి తరమూ కాదు. గణితంలోనూ ఇలా ఒకే దిక్కున నడిచే లెక్కలున్నాయి, వాటిని హాష్ అంటారు. ఒకే మాటను ఎన్నిసార్లు ఆడించినా ఒకే ఫలితం వస్తుంది. ఒక్క అక్షరం మారితే పొంతన లేని ఫలితం వస్తుంది. ఫలితాన్ని చూసి మాటను వెనక్కి రాబట్టే దారి లేదు.

ఇక అసలు మెట్లు. ఒక్కో సంస్థ పద్ధతి కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి, తన పద్ధతిని బహిరంగంగా రాసిపెట్టి, ప్రోగ్రామునూ అందరూ చదివేలా ఉంచిన బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌ను తీసుకుంటాను. బాబాయి తన ఈమెయిలు, ప్రధాన పాస్‌వర్డు టైపు చేసినప్పుడు ఆయన ఫోనులో జరిగేది స్థూలంగా ఇది:

```
master_key = PBKDF2(password, salt=email, 600000)
login_hash = PBKDF2(master_key, salt=password, 1)
wrap_key   = HKDF(master_key)
```

మొదటి వరుసలో పాస్‌వర్డును ఈమెయిలుతో కలిపి, PBKDF2 అనే పద్ధతిలో, హాష్‌లో 6 లక్షల సార్లు ఆడిస్తారు. వచ్చేది 256 బిట్ల సంఖ్య. దాన్ని మూలచెవి అందాం. ఈమెయిలు కలపడం వల్ల ఇద్దరు మనుషులు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా మూలచెవులు వేరవుతాయి. ఒకరి కోసం దొంగ పడ్డ శ్రమ ఇంకొకరి విషయంలో అక్కరకు రాదు. ఈ మూలచెవి ఫోను దాటి ఎక్కడికీ పోదు.

రెండో వరుసలోనే బాబాయి ప్రశ్నకు జవాబుంది. మూలచెవిని పాస్‌వర్డుతో కలిపి ఇంకొక్కసారి ఆడిస్తారు. సర్వరుకు వెళ్లేది ఆ ఫలితం మాత్రమే. అది మూలచెవి నుంచి పుట్టిందే అయినా, దాని నుంచి మూలచెవికి వెనక్కి వెళ్లలేం. బాబాయి ఖాతా తెరిచిన రోజున సర్వరు ఈ ఫలితాన్ని అందుకుని, తన వంతుగా మళ్లీ హాష్ చేసి దాచుకుంటుంది. తర్వాత ఆయన ఎప్పుడు వచ్చినా ఫోను అదే ఫలితాన్ని పంపుతుంది. సర్వరు దాన్ని మళ్లీ అలాగే ఆడించి, దాచుకున్నదానితో పోలుస్తుంది. కలిస్తే ఆయనే. అంటే సర్వరు సరిచూసింది పాస్‌వర్డును కాదు, పాస్‌వర్డు తెలిసినవాడు మాత్రమే తీసుకురాగలిగిన నూనెను. కాయను అది ఏనాడూ చూడలేదు.

మూడో వరుస అదే మూలచెవి నుంచి ఇంకో దారిన పుట్టే చెవి. ఇది పెట్టె తెరవడానికి, ఫోనులోనే ఉంటుంది. రెండో దారి ఫలితం తెలిసినంత మాత్రాన మూడో దారి ఫలితం తెలియదు. ఒకే తలగట్టు నుంచి రెండు కాలువలు బయలుదేరినట్టు ఇవి వేరుపడిపోతాయి. ఒక కాలువలో నిలబడినవాడు ఎదురీది తలగట్టుకు చేరలేడు, చేరకుండా రెండో కాలువలో దిగలేడు.

ఇక్కడ ఇంకో మెట్టు ఉంది, చాలామంది వివరణల్లో జారిపోయేది ఇదే. ఆ మూడో చెవితో నేరుగా పాస్‌వర్డుల పెట్టెకు తాళం వేయరు. ఖాతా తెరిచిన రోజునే ఫోను ఏ పాస్‌వర్డుతోనూ సంబంధం లేకుండా యాదృచ్ఛికంగా ఒక పెద్ద చెవి తయారు చేస్తుంది. ఖజానా చెవి అదే. జీఎస్టీ పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు, వాటి పేర్లు, వెబ్‌సైట్ చిరునామాలు అన్నిటినీ దానితోనే ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఆ ఖజానా చెవిని మాత్రం మూడో వరుసలో వచ్చిన చెవితో మూసి, మూసిన రూపంలోనే సర్వరుకు పంపుతారు. చిన్న పెట్టెలో పెద్ద పెట్టె తాళంచెవి పెట్టి, రెండు పెట్టెలూ అక్కడే వదిలి వచ్చినట్టు.

ఈ రెండంచెల ఏర్పాటు ఎందుకంటే, రేపు బాబాయి ప్రధాన పాస్‌వర్డు మార్చుకుంటే వందల పాస్‌వర్డులను తిరిగి ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేదు. చిన్న పెట్టెకు తాళం మారిస్తే చాలు. కొత్త ఫోను కొన్నా అంతే. సర్వరు నుంచి రెండు మూసిన పెట్టెలూ దిగుతాయి, పాస్‌వర్డు టైపు చేయగానే చెవులన్నీ ఆ ఫోనులోనే మళ్లీ పుడతాయి. కానీ దీనికి ఒక పర్యవసానం ఉంది. పాస్‌వర్డు మార్చినా లోపలి ఖజానా చెవి మారదు. పాత పాస్‌వర్డు, పాత చిన్న పెట్టె రెండూ ఎవరి చేతిలోనైనా పడి ఉంటే కొత్త పాస్‌వర్డు వారిని ఆపదు. అనుమానం ఉన్నప్పుడు ఖజానా చెవినే మార్చే ఎంపిక వేరుగా ఉంటుంది, దాన్నీ వాడాలి.

ఇదంతా కంపెనీ మాట మీద నమ్మాల్సిన పని లేదు, కొంత కళ్లతో చూడవచ్చు. కంప్యూటరులో బ్రౌజరు తెరిచి F12 నొక్కి, నెట్‌వర్క్ భాగంలో చూస్తూ ఖజానా తెరిస్తే సర్వరు నుంచి దిగేది కనిపిస్తుంది. బిట్‌వార్డెన్‌లో ప్రతి అంశమూ ఇలాంటి ఆకారంలో వస్తుంది:

```
2.<iv>|<data>|<mac>
```

ముందున్న 2 అనేది ఏ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశారో చెప్పే గుర్తు. తర్వాతవి మూడు ముక్కలు. మొదటిది ఆ ఒక్క అంశానికి వాడిన యాదృచ్ఛిక ఆరంభ విలువ, రెండోది మూసిన సమాచారం, మూడోది దాన్ని దారిలో ఎవరూ తాకలేదని తేల్చే ముద్ర. జీఎస్టీ అన్న మాట కూడా అందులో ఎక్కడా కనిపించదు.

ఇంకా సులువైన పరీక్ష ఒకటుంది. పాస్‌వర్డు మరిచిపోయాననే లంకెను నొక్కండి. ఈమెయిలుకు ఒక లింకు వచ్చి, కొత్త పాస్‌వర్డు పెట్టుకోగానే పాత అంశాలన్నీ చక్కగా కనిపించాయంటే మీ తాళంచెవి నకలు వాళ్ల దగ్గర ఉన్నట్టే. నిజంగా చదవలేని సంస్థ ఆ సాయం చేయలేదు. ఖాతాను చెరిపి మళ్లీ మొదలుపెట్టమని మాత్రమే చెప్పగలదు. ముందుగానే మీరు వేరే ఏర్పాటు చేసుకుని ఉంటే అది వేరు సంగతి, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ఇప్పుడు నేను బాబాయికి దాచకుండా చెప్పిన మాట ఒకటుంది. "చదవలేరు" అంటే "ఊహించకుండా చదవలేరు" అని అర్థం. నూనె నుంచి కాయను చేయలేం, నిజమే. కానీ అనుమానం ఉన్న ప్రతి కాయనూ ఆడించి, వచ్చిన నూనెను పోల్చి చూడటాన్ని ఎవరూ ఆపలేరు. మూసిన పెట్టెలు దొంగ చేతికి చిక్కితే వాడు సర్వరు అనుమతి అడగడు. తన కంప్యూటరులో ఒక్కో పాస్‌వర్డు ఊహించి, మూలచెవి తయారు చేసి, చిన్న పెట్టె మీద ప్రయోగిస్తాడు. పైన చెప్పిన ముద్ర సరిపోయిందంటే ఊహ నిజమైనట్టు. 6 లక్షల సార్లు ఆడించడం ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. బాబాయికి ఆ ఆలస్యం రోజుకు ఒకటి రెండు సార్లు, ఒక్క క్షణం పాటు. దొంగకు మాత్రం ప్రతి ఊహకూ ఆ ఆలస్యం తప్పదు.

ఇది ఊహాగానం కాదు, జరిగింది. 2022 ఆగస్టులో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ సంస్థలోకి ఆగంతుకులు చొరబడ్డారు. వినియోగదారుల ఖజానాల నకళ్లు కూడా పోయాయని ఆ సంస్థ డిసెంబరు 22న ప్రకటించింది. పెట్టెలు పోయాయి, చెవులు పోలేదు, ఎందుకంటే చెవులు అక్కడ లేవు. రూపకల్పన ఆ మేరకు నిలబడింది. అయితే రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి, ఆ ఖజానాల్లో పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా వెబ్‌సైట్ల చిరునామాలు తాళం లేకుండానే ఉన్నాయి. ఎవరికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో దొంగ నేరుగా చదువుకోగలడు, ఏ పెట్టె మీద శ్రమ పడాలో ఎంచుకోగలడు. రెండు, పాత ఖాతాలకు ఆడించే సంఖ్యను సరిగా పెంచలేదు. కొత్తవారికి 1,00,100 ఉండగా చాలామంది పాతవారికి 5,000 దగ్గరే ఆగిపోయింది. కొందరికి అంతకన్నా తక్కువే.

ఆ సంఖ్య ఎంత తేడా తెస్తుందో లెక్క వేద్దాం. దొంగ దగ్గరున్న ఒక యంత్రం, 6 లక్షల సార్లు ఆడించే పద్ధతిలో, సెకనుకు 15 వేల ఊహలు చేయగలదనుకుందాం. ఊరి పేరు, పుట్టిన ఏడాది, దేవుడి పేరు వెనుక 123 వంటి పాస్‌వర్డు పెడితే, అలాంటివన్నీ ఉన్న కోటి మాటల జాబితాను ఆ యంత్రం 11 నిమిషాల్లో ముగిస్తుంది. అక్కడ ఏ ఎన్‌క్రిప్షనూ ఆదుకోదు. దానికి బదులు పాచికలు వేసి 7,776 మాటల జాబితా నుంచి నాలుగు మాటలు ఎంచుకుంటే, వీలున్న కలయికలు సుమారు 3,656 లక్షల కోట్లు. అదే యంత్రం వాటిలో సగం తిరగేయడానికే 3,800 ఏళ్లు దాటుతుంది. వెయ్యి యంత్రాలు పెడితే నాలుగేళ్లకు కొంచెం తక్కువ. ఇదే పాస్‌వర్డు 5,000 సార్లు మాత్రమే ఆడించిన ఖాతాలో ఉంటే పని 120 రెట్లు తేలికవుతుంది. వెయ్యి యంత్రాలకు 12 రోజులు చాలు. మళ్లీ 6 లక్షలకు వచ్చి, నాలుగు మాటలకు ఐదోది చేర్చితే వెయ్యి యంత్రాలకైనా 30 వేల ఏళ్లు. సంఖ్య పెంచడం మంచిదే, కానీ ఒక మాట చేర్చడం ఇచ్చే బలం దానికి లేదు.

పెట్టె నకలు పోయాక ప్రధాన పాస్‌వర్డు మార్చి ఊపిరి పీల్చుకున్నవారు నాకు తెలుసు. అది పనికిరాదు. పోయిన నకలు పాత తాళంతోనే ఉంది, దాన్ని మనం ఇక తాకలేం. లోపల ఉన్న బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులను ఒక్కొక్కటిగా ఆయా చోట్లకు వెళ్లి మార్చుకోవడమే దారి.

ఈ ఊహల బెడదను మొదట్లోనే తుంచే పద్ధతి 1పాస్‌వర్డ్ అనే సంస్థ వాడుతుంది. ఖాతా తెరిచినప్పుడు మన పరికరం 128 బిట్ల రహస్య చెవి ఒకటి తయారు చేసి, మూలచెవి లెక్కలో పాస్‌వర్డుతో పాటు దాన్నీ కలుపుతుంది. సర్వరుకు అది చేరదు. కాబట్టి సర్వరును దోచినవాడు పాస్‌వర్డు సరిగా ఊహించినా పెట్టె తెరుచుకోదు. దీని బరువు మన మీద పడుతుంది. కొత్త ఫోనులో పాస్‌వర్డుతో పాటు ఆ పొడవాటి చెవి కూడా కావాలి కాబట్టి దాన్ని కాగితం మీద అచ్చువేసి దాచమంటారు. అదే సంస్థ ప్రవేశం దగ్గర 1998లో ప్రచురితమైన ఎస్ఆర్‌పీ అనే పద్ధతి వాడుతుంది. అందులో పాస్‌వర్డు హాష్ కూడా సర్వరుకు పంపరు. ఇరువైపులా లెక్కలు నడిచి, రహస్యం తెలుసని రుజువు మాత్రమే అవుతుంది. జీరో నాలెడ్జ్ అనే మాట 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్‌లు గణితంలో తెచ్చిన అర్థానికి ఇదే దగ్గర. పాస్‌వర్డ్ మేనేజర్ల ప్రకటనల్లో ఆ మాటకు అంత లోతు లేదు. మీ సమాచారం మాకు తెలియదు అని చెప్పడానికే వాడుతున్నారు. రెండూ ఒకటనుకోవడం వల్ల అనవసరమైన భరోసా కలుగుతుంది కాబట్టి చెబుతున్నాను.

ఈ రూపకల్పన ఆగే చోటు ఒకటుంది. తాళం మన ఫోనులో పడుతుందన్నాం. ఆ తాళం వేసే ప్రోగ్రాము ఎవరు రాశారు? ఆ కంపెనీయే. పాస్‌వర్డు టైపు చేసిన క్షణంలో దాన్ని పక్కకు కూడా పంపేలా ప్రోగ్రాము మార్చి పంపితే, పైన చెప్పిన లెక్కలన్నీ చెక్కుచెదరకుండానే రహస్యం పోతుంది. సర్వరులో ఉన్నదాన్ని దోచేవాడి నుంచి, తొంగిచూసే ఉద్యోగి నుంచి ఈ పద్ధతి కాపాడుతుంది. ప్రోగ్రామునే మార్చగలిగినవాడి నుంచి కాపాడదు. ఫోనులో దిగిన దొంగ యాప్ నుంచీ కాపాడదు, ఎందుకంటే తెరిచిన ఖజానా ఆ కాసేపు ఫోను జ్ఞాపకంలో తాళం లేకుండానే ఉంటుంది. బ్రౌజరులో వెబ్‌సైట్ ద్వారా ఖజానా తెరిస్తే ప్రోగ్రాము ప్రతిసారీ సర్వరు నుంచి కొత్తగా దిగుతుంది. ఒక్క మనిషికి మాత్రమే మార్చిన ప్రోగ్రాము పంపినా గమనించేవారుండరు. స్థాపించుకున్న యాప్ అందరికీ ఒకటే వెళ్లేది, సంతకంతో వచ్చేది కాబట్టి ఆ పని అక్కడ కష్టం. అందుకే బాబాయిని యాప్‌లోనే తెరవమన్నాను. వెబ్‌సైట్‌లో మాత్రమే కుదిరే కొన్ని ఏర్పాట్లకు తప్ప అక్కడ ప్రధాన పాస్‌వర్డు కొట్టవద్దన్నాను.

ఆయన చివరి భయం మతిమరుపు. కంపెనీ సాయం చేయలేదని తేలిపోయాక అది సహజం. పాచికలు వేసి ఎంచుకున్న ఐదు మాటలను కాగితం మీద పెన్సిలుతో రాశాం, తడిసినా కరగకుండా. ప్లాస్టిక్ కవరులో పెట్టి ఈసారి అటక మీద దాచాం. దానితో పాటు అత్యవసర ప్రవేశం అనే ఏర్పాటు చేశాం. ఆయన అందుబాటులో లేనప్పుడు నేను అడిగితే, ఆయన పెట్టిన గడువు రోజుల్లోగా ఆయన కాదనకపోతే, నాకు ఖజానా తెరుచుకుంటుంది.

సర్వరుకు తెలియకుండా ఇది ఎలా సాధ్యమంటే, నాకు ఒక జత చెవులున్నాయి. ఒకటి అందరికీ తెలిసేది, దానితో మూయడం మాత్రమే కుదురుతుంది. రెండోది నా ఖజానాలో దాగి ఉండేది, తెరవడానికి. బాబాయి ఫోను తన ఖజానా చెవిని నా బహిరంగ చెవితో మూసి సర్వరులో ఉంచుతుంది. గడువు దాటేవరకు సర్వరు దాన్ని నాకు ఇవ్వదు, తాను తెరవనూ లేదు. కానీ ఆ బహిరంగ చెవిని బాబాయి ఫోనుకు అందించేది కూడా సర్వరే. నాదని చెప్పి తనదో మరొకరిదో అందిస్తే ఖజానా చెవి నేరుగా వాళ్ల చేతికే వెళుతుంది. అందుకు విరుగుడుగా ఆ చెవి నుంచి ఐదు ఇంగ్లిషు మాటల వేలిముద్ర ఒకటి తయారై కనిపిస్తుంది. నా ఫోనులో కనిపించే మాటలు, ఆయన ఫోనులో కనిపించే మాటలు ఒకటైతేనే చెవి నాది. ఆ సాయంత్రం నేను కాకినాడ నుంచి ఫోను చేశాను. ఆయన అంబాజీపేటలో కొట్టు అరుగు మీద కూర్చుని, కూడబలుక్కుంటూ, ఒక్కో మాటా అక్షరాలతో సహా చదివాడు. ఐదోది కూడా కలిశాకే నిర్ధారించే మీట నొక్కాడు.